దుడ్డుకఱ్ఱ ఎవరి కోసం?

అధ్యక్షులకు, సంఘ పెద్దలకు, పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్ల నుండి, సరిహద్దు దాటి పాతపట్నం నుండి వచ్చిన సండే స్కూలు ఉపాధ్యాయులకు నా వందనాలు. కీర్తనలలోని పోలికలను పిల్లలకు ఎలా నేర్పాలో చెప్పడానికి, సమయం తక్కువగా ఉన్నందున, 23వ కీర్తన ఒక్కదానినే తీసుకుంటాను.

మన పిల్లలలో చాలామంది బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో మన తెలుగు మాట్లాడతారు, ఆదివారం మాత్రం "లేమి కలుగదు", "సేదదీర్చుచున్నాడు" అనే గ్రాంథిక భాష వారికి ఎదురవుతుంది. ఆరు వచనాలూ తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లవాడే లేమి అంటే ఏమిటని అడిగితే తల దించుకుంటాడు. ఆ స్థితిలో మనం అన్వయం చెబితే వాడు నేర్చుకునేది మన మాటలనే గాని కీర్తనను కాదు.

ఇతరులను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. "నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును" అని నాలుగవ వచనం చదివి, మాట వినకపోతే దేవుడు కర్రతో దారికి తెస్తాడని చాలా ఏళ్లు బోధించినవాణ్ణి నేనే. దండము అనగానే నా చెవికి దండన అని వినిపించేది. ఒక ఆదివారం వెనుక వరుసలోని తొమ్మిదేళ్ల అమ్మాయి లేచి, "మాస్టారూ, మా తాత దుడ్డుకర్రతో గొర్రెల్ని కొట్టడండి. కొడితే కాలు విరిగిపోద్ది. అది నక్కలకండి" అంది. నేను పుస్తకం మూసి, మిగతాది నువ్వే చెప్పమ్మా అన్నాను. తాత దగ్గర రెండు కర్రలుంటాయట. ఒకటి పొట్టిది, లావుది, చివర బుడిపె ఉన్నది. రెండవది ఆయన నిలువెత్తు ఉంటుంది. దానిమీద ఆనుకొని నిలబడతాడు, దానితోనే కొమ్మ వంచి మేత అందిస్తాడు, పక్కకు పోయే గొర్రెను మెల్లగా మళ్లిస్తాడు. ఆ అమ్మాయి చేతులు చాచి కొలతలు చూపిస్తుంటే తరగతి మొత్తం అటే తిరిగింది.

హీబ్రూలోనూ అవి షేబెత్, మిష్‌ఎనెత్ అనే రెండు వేరు మాటలు. రెండవది ఆనుకోవడం అనే అర్థమున్న ధాతువు నుండి వచ్చింది. షేబెత్ అనే మాట సామెతల గ్రంథంలో బిడ్డను సరిదిద్దే బెత్తానికి కూడా వాడారు కాబట్టి నా పొరపాటుకు కొంత ఆధారం లేకపోలేదు. అయితే ఇక్కడ కర్రకు ముందు ఉన్న మాట "భయపడను", తరువాత ఉన్న మాట "ఆదరించును". ఆదరించడమంటే ఇక్కడ అతిథిని మర్యాద చేయడం కాదు, ఊరడించి ధైర్యమివ్వడం. చీకటి లోయలో కాపరి చేతిలో కర్ర కనబడితే గొర్రెకు కలిగేది ఆ ధైర్యమే.

మన ఊరి అనుభవం ఇలా దారి చూపుతుంది, కొన్నిసార్లు తప్పుదారి కూడా పట్టిస్తుంది. వానలకు మహేంద్రగిరి దిగువన ఎటు చూసినా పచ్చగా ఉండడం చూసిన పిల్లలకు "పచ్చికగల చోట్లు" గొప్పగా తోచదు. యూదయ కొండలలో చలికాలపు వానల తరువాత కొద్ది నెలలే పచ్చిక నిలుస్తుంది, మిగిలిన కాలమంతా కాపరి దానిని వెదకాలి. అలాగే మన కాపరి తరచు మంద వెనుక నడుస్తాడు, ఆ దేశపు కాపరి ముందు నడిచి పిలుస్తాడని యోహాను సువార్త పదవ అధ్యాయంలో ఉంది. "నడిపించుచున్నాడు" అన్నప్పుడు పిల్లల మనసులో ఏ బొమ్మ ఉందో మనం అడగాలి.

అడగడానికి నేను వాడే ఉపాయం బొమ్మ గీయించడం. ఒకసారి ఐదవ వచనానికి ఒక పిల్లవాడు బల్ల ముందు కూర్చుని గిన్నెతో తాగుతున్న గొర్రెను శ్రద్ధగా గీశాడు. తప్పు వాడిది కాదు. ఐదవ వచనంలో పోలిక మారిందని నేను చెప్పలేదు. అక్కడ గొర్రె లేదు, శత్రువులు చూస్తుండగా భోజనానికి కూర్చున్న అతిథి ఉన్నాడు, తలకు నూనె పూసి గిన్నె నింపే గృహస్థుడు ఉన్నాడు. అంతకంటే సూక్ష్మమైన మార్పు నాలుగవ వచనంలోనే వస్తుంది. మొదటి మూడు వచనాలలో "ఆయన" అంటున్న కవి లోయలోకి దిగగానే "నీవు" అంటాడు. పచ్చికలో ఉన్నప్పుడు దేవుని గురించి మాట్లాడినవాడు చీకటిలో దేవునితోనే మాట్లాడుతున్నాడు. ఇది నేను చెప్పను, ఆయన, నీవు అనే మాటల కింద పెన్సిలుతో గీత గీయమంటాను, పిల్లలే కనిపెడతారు.

ఇదంతా అయ్యాకే, మీ లోయ ఏది అని అడగండి. ఈ కీర్తనను మనం సమాధుల దగ్గర ఎక్కువగా చదవడం వల్ల పిల్లలు లోయ అంటే శ్మశానమనుకుంటారు. ఒక మేత నుండి మరొక మేతకు వెళ్లే దారిలో కొండల నడుమ ఉన్న చీకటి ఇరుకు అది అని తెలిసినవాడు తన పరీక్షను, తండ్రి వలస వెళ్లిన ఇంటిని కూడా అందులో చూడగలడు.

ఇదే పద్ధతిని ఇప్పుడు మీరు చేసి చూడడానికి, దయచేసి మీ గ్రంథాలలో 42వ కీర్తన తెరవండి. దుప్పి నీటివాగుల కొరకు ఆశపడుతోంది. మన ఆత్మల సంగతి తరువాత మాట్లాడుకుందాం, ముందు ఆ దుప్పి ఎక్కడ నిలబడి ఉందో, అక్కడ నీళ్లు ఉన్నాయో లేవో మీలో ఎవరైనా చెప్పండి.