తెల్లవారితే సోమవారం

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మా చుట్టాల్లో ఎవరింట పెళ్లి కుదిరినా శుభలేఖ ఇంగ్లీషు పేజీ నా దగ్గరికే వస్తుంది. అమెరికా వాళ్లకీ లండన్ వాళ్లకీ పంపాలి, మర్యాద తగ్గకూడదు అంటారు. మర్యాద సంగతి తర్వాత. ముందు ముహూర్తం సంగతి చూద్దాం. అక్కడ తప్పితే వచ్చే చుట్టం పెళ్లికే అందడు.

ఒక నమూనా తీసుకుందాం. ‘స్వస్తిశ్రీ చాంద్రమాన క్రోధి నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి ఆదివారం రాత్రి గం. 2.17 ని.లకు, తెల్లవారితే సోమవారం.’ పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. అందుకే రాత్రి రెండు దాటినా మనకది ఇంకా ఆదివారమే. ఇంగ్లీషు తేదీ మాత్రం అర్ధరాత్రే మారిపోయింది. ఆ ఆదివారం 2025 ఫిబ్రవరి 2 కాబట్టి ముహూర్తం ఫిబ్రవరి 3, సోమవారం తెల్లవారుజాము 2.17కి అన్నమాట.

దీన్ని ‘సండే, ఫిబ్రవరి 2, 2.17 ఎ.ఎం.’ అని వేస్తే చుట్టం ఒక రోజు ముందు దిగుతాడు. అది నయమే, భోజనం పెట్టి కూర్చోబెడతాం. ‘మండే నైట్’ అని వేశారనుకోండి, అతను వచ్చేసరికి పందిరి విప్పుతుంటారు. అందుకే నేను రెండూ రాస్తాను: ‘ఇన్ ది అర్లీ అవర్స్ ఆఫ్ మండే, ఫిబ్రవరి 3, 2025, ఎట్ 2.17 ఎ.ఎం. ఇండియన్ స్టాండర్డ్ టైమ్’. దాని కింద ‘ద నైట్ ఆఫ్ సండే, ఫిబ్రవరి 2’. నెల పేరు అక్షరాల్లోనే ఉండాలి. 3/2 అని అంకెలు వేస్తే అమెరికా వాళ్లు మార్చి 2 అని చదువుతారు. ప్రత్యక్ష ప్రసారం చూసేవాళ్లుంటే వాళ్ల ఊరి టైము కూడా చేర్చాలి. డల్లాస్‌లో అది ఆదివారం మధ్యాహ్నం 2.47. సంవత్సరం పేరు, తిథి తీసేయనక్కర్లేదు, తేదీకి పైన ఒక చిన్న వరుసలో ఉంచితే చాలు.

ఇక మర్యాద. తెలుగులో అది క్రియలోనే ఉంది: విచ్చేసి, ఆశీర్వదించి, మా ఆతిథ్యం స్వీకరించి, మమ్ము ఆనందింపజేయ ప్రార్థన. ఇంగ్లీషు క్రియకి ఆ వంపు లేదు. ఆ లోటు తీరుద్దామని మనవాళ్లు బరువైన మాటలు పేరుస్తారు. ‘సొలిసిట్ యువర్ గ్రేషియస్ ప్రెజెన్స్’ మన దగ్గర అలవాటే. అమెరికాలో ‘నో సొలిసిటింగ్’ అన్నది అమ్మకాలకి తలుపు తట్టొద్దని గుమ్మానికి తగిలించే బోర్డు. ఆ మాటతో పెళ్లికి పిలవడం నాకు మనసొప్పదు.

ఇంగ్లీషులో గౌరవం వాక్యం కట్టులో ఉంటుంది. పిలిచేవాళ్లు తమని తాము మూడో మనిషిలా చెప్పుకోవడం అక్కడి పాత మర్యాద: ‘శ్రీ అండ్ శ్రీమతి ఫలానా రిక్వెస్ట్ ది ఆనర్ ఆఫ్ యువర్ ప్రెజెన్స్ ఎట్ ద మ్యారేజ్ ఆఫ్ దెయిర్ డాటర్’. అలా మొదలుపెట్టాక మధ్యలో ‘అవర్ డాటర్’ రాకూడదు. తెలుగు కార్డులోని ‘మా ద్వితీయ పుత్రిక’ చెయ్యి లాగుతుంది కాబట్టి ఈ తప్పు నేనూ చేశాను. ఆశీర్వాదం మాత్రం వదలను. చివర విడిగా ‘వి సీక్ యువర్ బ్లెసింగ్స్ ఫర్ ద కపుల్’ అని ఒక వరుస. అక్కడ ‘వి’ రావచ్చు, అది కొత్త వాక్యం.

‘ఇచ్చి వివాహం’ అన్నదాన్ని ‘గివింగ్’ అని తేవద్దు, వస్తువు అప్పగించినట్టుంటుంది. ‘చి.ల.సౌ.’ని పొట్టి అక్షరాలతో దించొద్దు. ఆ ‘సౌ’ని ఎస్, ఓ, డబ్ల్యూ అని వేస్తారు, అది ఇంగ్లీషులో ఆడపంది. అక్కడ పుట్టిన పిల్లలు పెళ్లికూతురి పేరు ముందు అది చూసి నవ్వితే వాళ్ల తప్పేముంది? పేరు ఒక్కటే రాయండి. లక్ష్మీ సౌభాగ్యవతి పక్కనున్న తెలుగు పేజీలో ఎలాగూ ఉంటుంది.

చివరిది ‘సపరివార సమేతంగా’. ‘విత్ ఫ్యామిలీ’ అని కార్డులో వేస్తాం, కానీ అక్కడివాళ్లు చూసేది కవరు. దాని మీద భార్యాభర్తల పేర్లే ఉంటే పిల్లల్ని పిలవలేదని అనుకుంటారు. ఒక పెళ్లికి మా దూరపు బంధువు ఇద్దరు పిల్లల్నీ అక్కడే వదిలి వచ్చాడు. పెద్దావిడ ‘మనవల్ని చూపించవా?’ అని అడిగితే, ‘కవరు మీద లేరు కదా పిన్నీ!’ అన్నాడు. అప్పటి నుంచి కవరు మీద పిల్లల పేర్లు నేనే వరుసగా రాస్తున్నాను, పెద్దవాడి నుంచి చంటిదాని దాకా.