పాటల ప్యాకు రాలేదని ఫిర్యాదు: లేఖలో ఏం రాయాలి, ఏం రాయకూడదు

అందరికీ నమస్కారం. మన సంఘ సభ్యురాలు ఒకరు, విశ్రాంత ఉపాధ్యాయిని, తన మొబైల్ కంపెనీకి రాసిన రెండు లేఖలను ఆమె అనుమతితోనే ఇక్కడికి తెచ్చాను. కంపెనీ పేరు అనవసరం, ఏ కంపెనీ అయినా కథ ఇంతే.

ఆమె మార్చి 3న 84 రోజుల ప్రీపెయిడ్ ప్లానుకు రీఛార్జి చేశారు. అందులో కాల్స్, డేటాతో పాటు ఒక మ్యూజిక్ యాప్‌లో ప్రకటనలు లేకుండా పాటలు వినే సౌకర్యం కూడా ఉంది. కాల్స్ వచ్చాయి, డేటా వచ్చింది. ఘంటసాల పాట మధ్యలో సబ్బు ప్రకటన మాత్రం పోలేదు. మొదటి లేఖలో ఆమె రాసింది ఇది: “డబ్బు తీసుకొని సేవ ఇవ్వకపోవడం మోసం. నా రీఛార్జి పని చేయలేదు. వెంటనే న్యాయం చేయండి.” ఆ వెనక పేజీన్నర ఆవేదన. జవాబు ఒక్క వాక్యం: మీ రీఛార్జి విజయవంతంగా పూర్తయింది, ఫిర్యాదును ముగిస్తున్నాము.

కోపం వస్తుంది కానీ, ఆ జవాబు అబద్ధం కాదు. ఆమె “రీఛార్జి పని చేయలేదు” అన్నారు. అవతలి ఉద్యోగి రీఛార్జి రికార్డు తెరిచి చూశాడు, అది సక్రమంగా ఉంది. పాటల సంగతి ఆ రికార్డులో ఉండదు.

ఇలాంటి ప్లానులో మన డబ్బు మూడు మజిలీలు దాటుతుంది. మొదటిది చెల్లింపు, దాని ఆనవాలు బ్యాంకులోనో యూపీఐ యాప్‌లోనో ఉంటుంది. రెండోది మొబైల్ కంపెనీ మన నంబరుకు ప్యాకు ఎక్కించడం, దానికి సాక్ష్యం కంపెనీ పంపే ఎస్ఎంఎస్. మూడోది, ఈ నంబరుకు పాటల హక్కు ఉందని కంపెనీ మ్యూజిక్ యాప్‌కు తెలియజేయడం. అనేక ప్లానుల్లో ఈ మూడోది తనంతట తాను జరగదు. కంపెనీ సొంత యాప్‌లో ఆ ప్రయోజనం మీద నొక్కి మనమే క్లెయిమ్ చేసుకోవాలి, ఆ తరువాత మ్యూజిక్ యాప్‌లో అదే మొబైల్ నంబరుతో, ఓటీపీతో లాగిన్ కావాలి.

అందువల్ల లేఖకు ముందు మన వైపు లోపం లేదని తేల్చుకోవాలి. తరచూ కనిపించే చిక్కు లాగిన్‌ది. ఎప్పుడో ఈమెయిల్‌తో తెరిచిన ఖాతాలోనే పాటలు వింటూ ఉంటాం, హక్కేమో ఫోను నంబరు మీద ఉంటుంది. మరో చిక్కు వరుసలో నిలబడిన ప్లాను. పాత ప్లాను గడువు ముగియకముందే రీఛార్జి చేస్తే కొత్తది వెనక వేచి ఉండవచ్చు, దాని ప్రయోజనాలు కూడా దానితోపాటే మొదలవుతాయి. ఇక ఇంచుమించు అదే ధరలో పాటలు లేని ప్లాను మరొకటి ఉంటుంది, వేరే యాప్ నుంచి హడావిడిగా రీఛార్జి చేస్తే వేలు దాని మీద పడవచ్చు. ఎస్ఎంఎస్‌లో వచ్చిన ప్లాను వివరాలను కంపెనీ వెబ్‌సైట్‌లోని ప్లాను పేజీతో సరిచూస్తే ఇది తేలిపోతుంది. ఆ పేజీని రీఛార్జి నాడే స్క్రీన్‌షాట్ తీసుకోండి. ప్లానులు మారతాయి, నెల తరువాత ఆ పేజీ అలాగే ఉంటుందన్న భరోసా లేదు.

మా టీచరుగారి విషయంలో ఇవేవీ కావు. పాత ప్లాను అప్పటికే ముగిసింది, లాగిన్ అదే నంబరుతో ఉంది. కంపెనీ యాప్‌లో క్లెయిమ్ చేసే మీట మాత్రం అసలు కనిపించలేదు. ఆధారం అంటే అదే. రెండో లేఖ దాని మీద నిలబడింది. చదువుతాను.

“విషయం: మార్చి 3 నాటి రీఛార్జిలో భాగమైన మ్యూజిక్ ప్రయోజనం నా నంబరుకు చేరకపోవడం. అయ్యా, చెల్లింపు గురించి గానీ, కాల్స్, డేటా గురించి గానీ నాకు ఫిర్యాదు లేదు. అవి అందాయి. ప్లాను పేజీలో చూపిన మ్యూజిక్ సేవ అందలేదు. మీ యాప్‌లో ఈ ప్రయోజనాన్ని క్లెయిమ్ చేసే అవకాశం కనిపించడం లేదు. మ్యూజిక్ యాప్‌లో ఇదే నంబరుతో ఓటీపీ ద్వారా లాగిన్ అయినా ఉచిత ఖాతాగానే చూపుతోంది. రెండు తెరల చిత్రాలు, రీఛార్జి ఎస్ఎంఎస్, ప్లాను పేజీ చిత్రం జతపరిచాను. నా నంబరుకు మ్యూజిక్ హక్కు మీ వ్యవస్థలో నమోదైందా, అయితే ఏ తేదీన మీ భాగస్వామికి పంపారో తెలపండి. సేవను ప్రారంభించి, ప్రారంభమైన రోజు నుంచి పూర్తిగా 84 రోజులు ఇవ్వండి. నా మునుపటి ఫిర్యాదు డాకెట్ నంబరు కింద ఇచ్చాను.”

మొదటి వాక్యాల్లోనే “వాటి గురించి ఫిర్యాదు లేదు” అనడం నాకు చాలా నచ్చింది. రీఛార్జి విజయవంతం అన్న జవాబుకు ఇక తావు లేదు. మోసం అన్న మాటా లేదు. దాన్ని రుజువు చేయాల్సిన భారం మన మీద పడుతుంది, చదివేవాడికి చేయాల్సిన పనీ దొరకదు. “నమోదైందా, ఏ తేదీన” అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మాత్రం ఎవరో ఒకరు మూడో మజిలీ రికార్డు తెరవక తప్పదు.

మార్చి 27న పాటలు మొదలయ్యాయి. ముగింపు తేదీ మాత్రం ప్లానుతోపాటు మే 25 అని చూపింది. అంటే మార్చి 3 నుంచి 26 వరకు 24 రోజులు పోయినట్టే. అడిగితే, మ్యూజిక్ సేవ ఉచిత కానుక, దానికి పరిహారం ఉండదన్నారు. ఈ “ఉచితం” దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆమె ఆగలేదు. అదే కంపెనీలో అంతే రోజులకు, అంతే డేటాకు పాటలు లేని ప్లాను 70 రూపాయలు తక్కువకు ఉందని చూపారు. విలువ కట్టాల్సింది అలాగే. మ్యూజిక్ యాప్ విడిగా అమ్మే నెలసరి ధరతో లెక్క వేస్తే అవతలివారు ఒప్పుకోరు, రెండు ప్లానుల తేడా వారి సొంత ధరల పట్టికే.

తరువాత ఆమె అప్పీలుకు వెళ్లారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం, ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రంలో నమోదు చేసి డాకెట్ నంబరు పొందాలి. ఆ పరిష్కారం నచ్చకపోయినా, గడువులోగా ఏమీ చేయకపోయినా 30 రోజుల్లోగా కంపెనీలోనే ఉండే అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయవచ్చు. రుసుము లేదు. 39 రోజుల్లోగా తేల్చాలి. అది కంపెనీ ఏర్పాటే కదా, అక్కడ మన మాట ఎవరు వింటారని అడుగుతారు. అప్పీలును ముందుగా పరిశీలించే సలహా సంఘంలో ట్రాయ్ దగ్గర నమోదైన వినియోగదారుల సంస్థ ప్రతినిధి ఒకరు ఉంటారు. అది చిన్న అండే, కానీ కస్టమర్ కేర్‌లో అదీ ఉండదు.

నేరుగా ట్రాయ్‌కే రాసేస్తామనే వారికి ఒక మాట. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను విచారించదు. జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు మాత్రం తెరిచే ఉంది. టెలికాం వివాదాలు కమిషన్ పరిధిలోకి రావని 2009లో వచ్చిన ఒక తీర్పును చూపి కంపెనీలు వాదించేవి. సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో ఆ వాదనను తోసిపుచ్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదు రుసుము కూడా లేదు. అయినా 70 రూపాయల తేడాలో 24 రోజుల వంతు కోసం వాయిదాలకు తిరగడం గురించి నన్ను అడిగితే, అప్పీలు దాకా వెళ్లి అక్కడ ఆగమంటాను. ఆమె కూడా అదే చేశారు. నగదు పరిహారం ఇవ్వబోమన్నారు, పాటల గడువును మాత్రం జూన్ 18 వరకు పొడిగించారు.