నెలనెలా అదే ఆఫర్, కొత్త క్యాప్షన్: పన్నెండు నెలల టెంప్లేట్ షీట్ రివ్యూ

నమస్కారం అండీ. ఈ రోజు మన ముందున్నది క్యాప్షన్లు రాసుకునే టెంప్లేట్ షీట్. గూగుల్ షీట్స్‌లో ఓపెన్ అవుతుంది, పన్నెండు నెలలకి పన్నెండు ట్యాబ్‌లు. ముందే చెప్పేస్తున్నాను, తయారు చేసినవాళ్లు దీన్ని ఉచితంగా పంపారు. రివ్యూకి డబ్బులు తీసుకోలేదు. ధర ఎంత, ఫోన్‌లో పనిచేస్తుందా లాంటివి వాళ్ల అమ్మకం పేజీలో చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్లట్లేదు.

చాలా చిన్న షాపులకి ఏడాది పొడవునా మారని ఆఫర్ ఒకటి ఉంటుంది. దాన్ని నెలకోసారి పేజీలో పెట్టాల్సిందే, ఎందుకంటే పోయిన నెల చూడనివాళ్లు ఈ నెల చూస్తారు. కానీ రెండుసార్లూ చూసినవాళ్లకి "మళ్లీ ఇదేనా" అనిపించకూడదు. ఈ షీట్ ఆ పని చేసిపెడుతుందా లేదా, అదొక్కటే ఈ వీడియోలో చూద్దాం.

పరీక్షకి ఒక లేడీస్ టైలరింగ్ షాపు ఆఫర్ తీసుకున్నాను. మూడు బ్లౌజులు ఒకేసారి కుట్టడానికిస్తే ఒక చీరకి ఫాల్, జిగ్‌జాగ్ ఉచితం. అంతే. దీన్ని పన్నెండు నెలలూ నింపి చూశాను.

ముందు నాకు చిరాకు తెప్పించిన కాలమ్ గురించి. ప్రతి ట్యాబ్‌లో "ఆకర్షణ పదాలు" అని ఒకటుంది. జనవరికి "అదిరిపోయే ఆఫర్", ఫిబ్రవరికి "మహిళలకు శుభవార్త", మార్చికి "అస్సలు మిస్ అవ్వకండి". మీ ఆఫర్‌ని దాని పక్కన అతికించమంటుంది. అతికిస్తే ఏమొస్తుందో వినండి.

"అదిరిపోయే ఆఫర్! మూడు బ్లౌజులు కుట్టించుకోండి, ఫాల్ ఉచితంగా పొందండి!"

"మహిళలకు శుభవార్త! మూడు బ్లౌజులు కుట్టించుకోండి, ఫాల్ ఉచితంగా పొందండి!"

మాట మారింది, కానీ రెండూ ఒకటే. ముందు ఒక కేక, తర్వాత ఆఫర్, చివర ఒక ఆశ్చర్యార్థకం. విసుగు పుట్టించేది పదాలు కాదండీ, ఈ వరుస. ఫోన్‌లో ఫీడ్ జరుపుతూ పోయేవాళ్లు అక్షరం అక్షరం చదవరు, పోస్టు వాలకం చూసి గుర్తుపట్టేస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ మొత్తం కనిపించదు కూడా, మొదటి ఒకటి రెండు లైన్ల తర్వాత "more" అని వచ్చేస్తుంది. కనిపించే ఆ కాస్త చోటులో ప్రతి నెలా కేకే ఉంటే, కింద మీరు ఎంత కొత్తగా రాసినా తెరిచి చూసేవాళ్లు ఉండరు.

మీ పేజీకి ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. గడిచిన ఆరు నెలల ఆఫర్ పోస్టుల్లో మొదటి వాక్యం మాత్రమే తీసి ఒకదాని కింద ఒకటి రాయండి. ఏది ఏ నెలదో చెప్పలేకపోతున్నారంటే చూసేవాళ్లకీ అదే పరిస్థితి.

ఇప్పుడు నాకు బాగా నచ్చినది. ఎడమ వైపు తాళం వేసిన ఒక గడి ఉంది, పేరు "మారని వాక్యం". ఒకసారి రాస్తే పన్నెండు ట్యాబ్‌లలోనూ అదే కనిపిస్తుంది, విడిగా ఏ నెలలోనూ మార్చలేం. ఇంతకుముందు వచ్చిన క్యాప్షన్ల పీడీఎఫ్‌లలో ఇలాంటిది కనిపించలేదు. దీని విలువ ఎక్కడ తెలుస్తుందంటే, కొత్తగా రాయాలన్న తాపత్రయంలో ఆఫర్ షరతులే జారిపోతాయి. ఒక నెల "మూడు బ్లౌజులు" అంటాం. ఇంకో నెల ఊపులో "చీర తెండి, ఫాల్ ఉచితం" అనేస్తాం. రెండు నెలల తర్వాత ఒకావిడ ఆ స్క్రీన్‌షాట్ పట్టుకుని ఒకే ఒక్క చీరతో వస్తారు. ఆవిడ తప్పేం లేదు, రాసింది మనమే కదా.

మన షాపుకి ఆ గడిలో రాసింది ఇది: "మూడు బ్లౌజులు ఒకేసారి కుట్టడానికిస్తే ఒక చీరకి ఫాల్, జిగ్‌జాగ్ ఉచితం. ఫాల్ బట్ట మాదే. మగ్గం వర్క్ బ్లౌజులకి ఈ ఆఫర్ లేదు. ఆది బ్లౌజు వెంట తెచ్చుకోండి." ఏమివ్వాలి, ఏమొస్తుంది, దేనికి వర్తించదు, ఏం తెచ్చుకోవాలి. ఇది ప్రతి నెలా అక్షరం మారకుండా క్యాప్షన్ చివరే ఉంటుంది. చివర్లో ఒకటే ఉండటం వల్ల ఎవరికీ విసుగు రాదు, ఎందుకంటే అక్కడిదాకా చదివినవాళ్లకి కావలసింది ఆ వివరమే.

మరి మారాల్సింది ఏంటి? ఆఫర్‌లోకి అడుగుపెట్టే గుమ్మం, అంటే క్యాప్షన్ మొదలయ్యే మాటలు. షీట్ దీన్ని సరిగ్గా చెప్పలేకపోయింది కాబట్టి ఆ "ఆకర్షణ పదాలు" కాలమ్ తీసేసి, అక్కడ "ఎవరికి, ఏ అవసరంలో" అని నేను పెట్టుకున్నాను. అలా నింపిన నాలుగు నెలలు చూపిస్తాను.

ఆషాఢంలో గుమ్మం సమయం. "ఆషాఢం సేల్‌లో కొన్న చీరలు ఇంకా కవర్లోనే ఉన్నాయా? వరలక్ష్మీ వ్రతానికి కట్టుకోవాలంటే బ్లౌజు ఇప్పుడే ఇవ్వండి. శ్రావణం వచ్చాక అందరూ ఒకేసారి వస్తారు, అప్పుడు తొందరపెట్టినా కుట్టలేం." తర్వాత మారని వాక్యం. ఇందులో తొందర ఉంది, కానీ అది ఆఫర్‌ది కాదు, పండగది. అందుకే అబద్ధం కాలేదు.

పండగ లేని నెలలో గుమ్మం పని. "లైనింగ్ బట్టని ముందే తడిపి ఆరబెట్టకుండా కుడితే, మొదటి ఉతుకులోనే లోపలి బట్ట ముడుచుకుని పైబట్టని లాగేస్తుంది. మా దగ్గర కాటన్ లైనింగ్ తడిపి, ఆరాక ఇస్త్రీ చేసి అప్పుడే కత్తెర పెడతాం." ఇక్కడ ఆఫర్ ఊసే లేదు చూడండి. చదివినావిడకి తన పాత బ్లౌజు గుర్తొస్తుంది. ఆ తర్వాతే ఆఫర్ కనిపిస్తుంది.

మూడోది సందేహం. "పాత బ్లౌజులన్నీ బిగుతైపోయాయి, ఆది కోసం ఏది ఇవ్వాలి? భుజాలు సరిగ్గా కూర్చునేది తీసుకురండి చాలు. చంక దగ్గర, నడుము దగ్గర ఎంత వదలాలో ఇక్కడ టేపు పెట్టి చూసుకుంటాం." ఇలాంటి వాక్యాలు కూర్చుని ఆలోచిస్తే రావండీ. షాపు వాట్సాప్ తెరిచి, కస్టమర్లు అడిగిన ప్రశ్నని వాళ్ల మాటల్లోనే తీసుకోవాలి. నెలలో వచ్చిన ప్రశ్నల్లో ఒక్కటి రాసిపెట్టుకున్నా వచ్చే నెల క్యాప్షన్‌కి మొదటి వాక్యం దొరికినట్టే.

నాలుగోది ఉచితంగా ఇచ్చే వస్తువు వైపు నుంచి. "ఫాల్ కుట్టాక చీర అంచు ముడతలు పడిందా? ఫాల్ బట్ట ఉతుకులో కుంచించుకుపోయింది, చీర అలాగే ఉంది. అందుకే ఫాల్‌ని ముందే తడిపి కుట్టాలి." ఆఫర్ అదే, కానీ ఈ నెల కథ బ్లౌజుది కాదు, చీర అంచుది. ఫొటో కూడా మారాలి, చీర మడత తిప్పి లోపలి ఫాల్ కుట్టు దగ్గర్నుంచి తీసింది. క్యాప్షన్ మార్చి పాత ఫొటోనే పెడితే ఈ కష్టమంతా వృథా, ఎందుకంటే కన్ను ముందు పడేది ఫొటో మీదే. ఈ షీట్‌లో ఫొటోకి కాలమే లేదు, అది పెద్ద లోటు.

ఈ నాలుగు గుమ్మాలూ తిప్పుకుంటూ పోతే ఒక్కోటి ఏడాదికి మూడుసార్లు వస్తుంది. మధ్యలో మూడు నెలలుంటాయి, పైగా సందేహం మారుతుంది, పండగ మారుతుంది. ఎవరికీ పాతగా అనిపించదు.

ఇక రెండు విషయాల్లో ఈ షీట్‌తో జాగ్రత్త. మొదటిది, తారీఖులు. ఆగస్టు ట్యాబ్‌లో వరలక్ష్మీ వ్రతం పోస్టుని 10వ తేదీకి పెట్టేశారు. ఆ వ్రతం 2023లో ఆగస్టు 25న, 2024లో 16న, 2025లో 8న వచ్చింది. 2023లో అధిక శ్రావణం పడటం వల్ల అంత ఆలస్యంగా వచ్చింది. 10వ తేదీ లెక్కన 2025లో పోస్టు పండగ అయిపోయాక పడేది. కాబట్టి ట్యాబ్‌ల పేర్లు ఇంగ్లిష్ నెలలే ఉంచినా, పండగ పోస్టుల తేదీలు మాత్రం ఏటా పంచాంగం చూసి మార్చుకోండి. పండగకి కనీసం మూడు వారాల ముందు పడాలి, బ్లౌజు కుట్టడానికి టైలర్‌కి టైమ్ కావాలి కదా.

రెండోది, అక్షరాల లెక్క. మొదటి వాక్యం 125 దాటితే గడి ఎర్రగా మారేలా ఈ ఫార్ములా పెట్టారు.

```
=LEN(C2)>125
```

ఇంగ్లిష్‌కి పర్లేదు. తెలుగులో ఒత్తులు, గుణింతాలు అన్నీ విడివిడిగా లెక్కపడతాయి. "బ్లౌజు" అన్న మాట మన కంటికి రెండు అక్షరాలు, ఈ ఫార్ములాకి ఆరు. ఆ ఎరుపు చూసి బంగారం లాంటి వాక్యాన్ని కత్తిరించేసుకోకండి. వాక్యాన్ని ఫోన్‌లో పెట్టి, "more" ఎక్కడ పడుతుందో కళ్లతో చూసి నిర్ణయించుకోండి.

ఇంకొకటి, ఇది నాకు అస్సలు నచ్చలేదు. ఆరు ట్యాబ్‌లలో "ఈ నెల మాత్రమే" అని ముందే రాసిపెట్టారు. ఏడాదంతా ఉండే ఆఫర్‌కి ఆ మాట ఎలా రాస్తామండీ? రెండో నెలకే జనం కనిపెట్టేస్తారు, ఆ తర్వాత నిజంగా గడువున్న ఆఫర్ పెట్టినా నమ్మరు. పైగా కొనేవాళ్లని మభ్యపెట్టే డార్క్ ప్యాటర్న్‌ల మీద 2023లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాల్లో ఇలాంటి అబద్ధపు తొందర కూడా ఉంది. షీట్ కొన్నవాళ్లు ముందు చేయాల్సిన పని ఆ ఆరు గడులూ ఖాళీ చేయడం.

పోస్టు పెట్టాక సరిగ్గా పనిచేసిందో లేదో ఇన్‌బాక్స్ చెప్తుంది. "ఆఫర్ ఏంటండీ" అని అడుగుతున్నారంటే గుమ్మం దగ్గరే ఎక్కువ మాట్లాడి ఆఫర్‌ని పాతిపెట్టారని అర్థం, పైన రెండు వాక్యాలు తగ్గించండి. "ఇంకా ఉందా అండీ" అంటున్నారంటే ఎక్కడో గడువున్నట్టు ధ్వనించింది, మారని వాక్యంలో "ఏడాదంతా" అని చేర్చండి. "బ్లౌజులు ఎప్పుడు తేవాలి" అంటే ఆ క్యాప్షన్‌ని గుర్తుపెట్టుకోండి, వచ్చే ఏడాది అదే గుమ్మం నుంచి మళ్లీ రాయొచ్చు.

నా తీర్పు: ఆ తాళం గడి ఒక్కదాని కోసమే ఈ షీట్ నాకు నచ్చింది, మిగతా సగం తీసేసినా సరే. కొనాలా అంటే, షీట్స్‌లో కాస్త చెయ్యి తిరిగినవాళ్లకి అక్కర్లేదు. ఒక ట్యాబ్‌లో మారని వాక్యం రాసి, మిగతా ట్యాబ్‌లలో ఆ గడిని లింక్ చేసుకుని, పక్కన "ఎవరికి, ఏ అవసరంలో" అనీ, "ఫొటో" అనీ రెండు కాలమ్‌లు పెట్టుకుంటే అరగంటలో మీదే తయారవుతుంది. షీట్స్ అంటే భయం ఉన్నవాళ్లు కొనుక్కోండి, కొన్నాక ఆకర్షణ పదాల కాలమ్ మాత్రం తీసేయండి. మీ షాపు ఆఫర్ ఏంటో, పోయిన మూడు నెలల మొదటి వాక్యాలు ఏంటో కామెంట్లలో రాయండి, వాటికి గుమ్మాలు ఎలా మార్చాలో వచ్చే వీడియోలో చూద్దాం.