వేసవిలో టైరు ఎందుకు పేలుతుంది? (చర్చా కార్యక్రమం)

పాల్గొన్నవారు: వ్యాఖ్యాత, టైర్ల ఇంజనీరు, డ్రైవింగ్ శిక్షకురాలు

వ్యాఖ్యాత: ఎండకు టైరులోని గాలి వ్యాకోచించి పేలుతుందనీ, కాబట్టి వేసవిలో గాలి కాస్త తక్కువగా పెట్టించుకోవాలనీ మనలో చాలామంది నమ్ముతారు. ఇంజనీరు గారూ, ఇందులో నిజమెంత?

ఇంజనీరు: గాలి వ్యాకోచించే మాట నిజమే, కానీ ఆరోగ్యంగా ఉన్న టైరు ఆ కారణంగా పేలదు. కారు టైరులోని గాలి 10 డిగ్రీలు వేడెక్కితే పీడనం సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది, టైరు దానికంటే ఎంతో ఎక్కువ తట్టుకుంటుంది. అసలు ప్రమాదం గాలి తగ్గినప్పుడు వస్తుంది. బండి బరువును ప్రధానంగా మోసేది లోపలి గాలి కాబట్టి, అది చాలనప్పుడు టైరు నేలను తాకిన ప్రతిసారీ పక్క గోడ మామూలుకంటే ఎక్కువగా వంగి లేస్తుంది. తీగను అటూ ఇటూ వంచితే వేడెక్కినట్టే రబ్బరూ వేడెక్కుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఒక చిన్న కారు టైరు నిమిషానికి 800 సార్లకు పైగా తిరుగుతుంది. పుట్టిన వేడి బయటికి పోవాలంటే చుట్టూ ఉన్న గాలి, రోడ్డు చల్లగా ఉండాలి. మే నెల మధ్యాహ్నం అది కుదరదు. అప్పుడు రబ్బరుకూ ఉక్కు తీగల పట్టీలకూ మధ్య ఉన్న అతుకు బలహీనపడి, పొరలు విడిపోయి టైరు పేలుతుంది.

వ్యాఖ్యాత: ఒక ఉదాహరణతో చెప్పగలరా?

ఇంజనీరు: ఒక కుటుంబం పెళ్లికని హైదరాబాద్ నుంచి విజయవాడ బయలుదేరిందనుకుందాం. డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన పట్టికలో ముగ్గురికైతే 33, నిండు బరువుకైతే 36 పీఎస్ఐ అని ఉంది. కారులో ఐదుగురు ఎక్కారు, డిక్కీ నిండా సామాను. కొన్ని వారాలుగా చూసుకోకపోవడంతో ఒక టైరులో ఉన్నది 26 మాత్రమే. సూర్యాపేట దగ్గర భోజనానికి ఆగి గాలి చూపించేసరికి ఆ టైరు లోపలి గాలి 70 డిగ్రీలకు చేరిందంటే, మీటరు దాదాపు 32 చూపుతుంది. పట్టికలో 33 చూసిన గుర్తుంది కనుక అంతా బాగుందనుకుని వారు మళ్లీ బయలుదేరతారు. నిజానికి పట్టికలోని అంకెలు చల్లగా ఉన్న టైరుకు చెప్పినవి, ఆ లెక్కన ఆ బరువుకు అక్కడ 10 పీఎస్ఐ తక్కువ ఉంది.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. ఉదయమే 36 నింపుకున్న టైరు అదే చోట 41 దాకా చూపవచ్చు. అది చూసి కంగారుపడి గాలి తీయిస్తే, మంచి టైరును మన చేతులతోనే ప్రమాదంలోకి నెట్టినట్టు. పీడనాన్ని బండి కనీసం మూడు గంటలు నిలిచి ఉన్నాకే చూడాలి. నైట్రోజన్ నింపినా ఈ లెక్క పెద్దగా మారదు. ఇంకో సంగతి, టైరు గోడ మీద ముద్రించిన గరిష్ఠ పీడనం టైరుకు పరిమితి, మన కారుకు సూచన కాదు.

వ్యాఖ్యాత: పేలే ముందు టైరు ఏదైనా హెచ్చరిక ఇస్తుందా?

ఇంజనీరు: తరచుగా ఇస్తుంది, అయితే ఎప్పుడూ ఇస్తుందని నమ్మకూడదు. పక్క గోడ మీద ఉబ్బు, రెండు అంచులే ఎక్కువగా అరగడం, నునుపైన రోడ్డు మీద కూడా ఒకే లయలో టపటప చప్పుడు లేదా అదురు కనిపిస్తే ఆపి చూడాలి.

వ్యాఖ్యాత: శిక్షకురాలు గారూ, పేలనే పేలింది. ఆ క్షణంలో డ్రైవర్ ఏం చేయాలి?

శిక్షకురాలు: ముందుగా, ఏం చేయకూడదో చెబుతాను, ఎందుకంటే కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోతుంది. గాలిపోయిన చక్రం అప్పటికే బండిని ఒక పక్కకు లాగుతూ ఉంటుంది. గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకు వాలి, ఆ లాగుడు పెరిగి బండి తిరగబడవచ్చు. రెండు చేతులతో స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుని బండిని నేరుగా నిలపడమే మొదటి పని. ముందు టైరు పోతే స్టీరింగ్ ఆ వైపుకు లాగుతుంది, వెనుకది పోతే వెనుక భాగం ఊగుతుంది. రెండు సందర్భాల్లోనూ కొద్దికొద్దిగా మాత్రమే సరిచేయాలి. యాక్సిలరేటర్ మీది కాలును నెమ్మదిగా తీసి, వేగాన్ని దానంతటదే తగ్గనివ్వాలి. బండి అదుపులోకి వచ్చి బాగా నెమ్మదించాకే మృదువుగా బ్రేకు తాకి, ఎడమ అంచుకు చేర్చాలి. హజార్డ్ లైట్లు కూడా బండి అదుపులోకి వచ్చాకే.

వ్యాఖ్యాత: ఆగాక స్టెప్నీ వేసుకుంటే సరిపోతుందా?

శిక్షకురాలు: ముందు అందరినీ దింపి, రోడ్డుకు దూరంగా నిలబెట్టాలి. ట్రాఫిక్ వైపు టైరు మార్చాల్సి వస్తే సొంతంగా ప్రయత్నించకుండా హైవే గస్తీ సాయం తీసుకోవడం మేలు. స్టెప్నీలో గాలి చూసి ఎన్ని నెలలైందో చాలామందికి గుర్తుండదు.

ఇంజనీరు: మిగిలిన టైర్ల సంగతి కూడా. తక్కువ గాలితో చాలా దూరం నడిచిన టైరుకు మళ్లీ గాలి కొట్టించి ఊరుకోకూడదు. రిమ్ము నుంచి విప్పించి లోపల చూడాలి. రబ్బరు పొడి రాలినా, పక్క గోడ లోపల నల్లటి వలయం కనిపించినా ఆ టైరును పారేయాల్సిందే.