‘వద్దు’ ఎక్కడ పడాలి?

(మహబూబ్‌నగర్‌లో, తెలుగు సోషల్ మీడియా పోస్టులు రాసే యువతీయువకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడున్న చాలామందికి ఈ పని అలవాటే. ఎక్కడినుంచో ఇంగ్లీషులో ఒక కెరోసెల్ వస్తుంది. వేలితో పక్కకు జరుపుకుంటూ చదివే ఏడెనిమిది స్లైడ్లు, ఒక్కోదాని మీద నాలుగైదు మాటలు. ‘సాయంత్రానికి తెలుగు చేసి పంపండి’ అంటారు. ఎంత, అరగంట పని అనుకుంటాం. నేనూ అట్లే అనుకుని ఒకటి చేశాను, చెడగొట్టాను, మళ్లీ చేశాను. ఈ రోజు ఆ ఒక్కదాని గురించే చెబుతాను.

అది పాము కాటు మీద చేసిన కెరోసెల్. వానాకాలం మొదలవుతుండగా వచ్చింది. రాత్రిపూట మోటరు వేయడానికి పొలం పోయేవాళ్లు, పత్తి చేలల్లో కలుపు తీసేవాళ్లు, ఇంట్లో కిందనే పడుకునేవాళ్లు చదవాల్సిన విషయం. ఇంగ్లీషులో చాలా బాగుంది. మన దేశంలో పాము కాటు చికిత్సకు ఒక జాతీయ పద్ధతి ఉంది. అందులో ప్రథమ చికిత్సను ‘డూ ఇట్ రైట్’ అనే మాటలో ఇమిడ్చారు. రైట్ అనే మాటలోని ఐదు అక్షరాల్లో ఆర్ అంటే మనిషికి ధైర్యం చెప్పడం. ఐ అంటే కాటు పడ్డ కాలో చేయో కదలకుండా చూడడం. జీ, హెచ్ రెండూ కలిపి వెంటనే ఆసుపత్రికి చేరడం. టీ అంటే దారిలో కనిపించిన లక్షణాలన్నీ డాక్టరుకు చెప్పడం. ఆ తర్వాత చేయకూడనివి: డోంట్ కట్, డోంట్ సక్, డోంట్ అప్లై ఎ టోర్నికెట్. టోర్నికెట్ అంటే రక్తం ఆగేలా గట్టిగా కట్టే కట్టు.

నా మొదటి తెలుగు ఇది: ‘గాయాన్ని కత్తిరించవద్దు. విషాన్ని నోటితో పీల్చవద్దు. టోర్నికెట్‌ను వర్తింపజేయవద్దు.’ నవ్వండి, ఫరవాలేదు. రాసేటప్పుడు నాకు నవ్వు రాలేదు. పక్కన ఇంగ్లీషు పెట్టుకుని చూస్తే ప్రతి మాటకూ మాట సరిపోయింది.

పంపినాక డిజైన్ చేసే అబ్బాయి ఫోన్ చేశాడు. ‘అన్నా, మాటలు స్లైడ్‌లో పడతలేవు’ అన్నాడు. ఇంగ్లీషులో మూడు పొట్టి మాటలుగా ఉన్నది తెలుగులో ఒక్కటే పొడుగు మాట అవుతుంది. ‘తీసుకువెళ్లవలసి ఉంటుంది’ అని రాస్తే మొదటి మాటకే వరుస నిండుతుంది. అతను మాటను మధ్యలో విరిచాడు. పైగా ఇంగ్లీషు వరుసల మధ్య ఉన్న ఖాళీనే ఉంచేసరికి పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చున్నాయి. తెలుగుకు వరుసల మధ్య ఎక్కువ చోటు కావాలి, అది అతని పని. పొడుగు మాట మాత్రం నా తప్పు.

అసలు ప్రమాదం అది కాదు. చోటు చాలక అతను నా వాక్యం ఒకదాన్ని రెండు స్లైడ్ల మీద పంచాడు. మూడో స్లైడ్‌లో ‘కాటు పడిన చోటికి పైన తాడుతో గట్టిగా కట్టి’ అని, నాలుగో స్లైడ్‌లో ‘రక్తాన్ని ఆపే ప్రయత్నం చేయవద్దు’ అని వచ్చింది. కింద కాలికి తాడు కట్టిన బొమ్మ. దాన్ని దేవరకొండ దిక్కు ఒక ఊళ్లో ఒక పెద్దమ్మకు చూపించాను. కొడుకు ఫోన్‌లో అక్షరం అక్షరం కూడబలుక్కుని మూడో స్లైడ్ చదివి, తల ఊపింది. ‘ఔ బిడ్డా, మేం గట్లనే కడ్తం’ అంది. ఫోన్ తిరిగి ఇచ్చేసింది. నాలుగో స్లైడ్ జరపనే లేదు.

ఇంగ్లీషులో ‘డోంట్’ వాక్యం మొదట్లో పడుతుంది. ఆ తర్వాత ఎక్కడ ఆపినా చదివేవాడికి అది చేయకూడని పని అని తెలిసిపోతుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, ‘వద్దు’ దాని తోకకు ఉంటుంది. తోక తెగితే మిగిలిన వాక్యం సరిగ్గా చేయకూడనిదాన్నే నేర్పుతుంది. పుస్తకంలో అయితే కన్ను అట్లే ముందుకు పోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. కెరోసెల్‌లో ప్రతి స్లైడ్ చివరా జరపాలా వద్దా అని వేలు ఆగుతుంది. అంతేకాదు, ఊళ్లల్లో ఇవి పూర్తిగా తిరగవు. ఎవరో ఒక స్లైడ్‌ను స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో వేస్తారు. అందరికీ చేరేది ఆ ఒక్కటే.

మరి ఏం చేయాలి? నాకు దారి చూపింది వ్యాకరణం కాదు, మా ఇంటి వంటగది. పిల్లవాడు పొయ్యి దగ్గరికి పోతే తల్లి ఏమంటుంది? ‘వేడిగా ఉన్న గిన్నెను ముట్టుకోవద్దు’ అనదు. ‘ముట్టొద్దు! వేడిగుంది’ అంటుంది. తొందర ఉన్నచోట తెలుగు కూడా క్రియను ముందుకు తెస్తుంది. ఎవరు, దేన్ని అన్నవి వదిలేసినా అర్థం చెడదు, కావాలంటే వెనక తగిలిస్తుంది. ఇంగ్లీషు రెండు మాటల్లో చెప్పేదాన్ని మనం ఒక్క మాటలో చెప్పగలం. నేను ‘గాయాన్ని’, ‘విషాన్ని’, ‘మీ’, ‘మీరు’ అని నింపుకుంటూ పోయి ఆ బలాన్ని పోగొట్టాను.

అట్లా రెండో రూపం వచ్చింది:

కోయొద్దు.
పీల్చొద్దు.
కట్టొద్దు.

చూసుకుని మురిసిపోయాను. ఒక నర్సమ్మకు చూపిస్తే చల్లగా ఒక ప్రశ్న వేసింది. ‘రెండో స్లైడ్‌లో కాలు కదలకుండా కట్టె బద్ద పెట్టి కట్టండి అన్నారు, ఇక్కడ కట్టొద్దు అంటున్నారు. ఏది వినాలి?’ ఇంగ్లీషులో బద్ద కట్టడానికి ఒక మాట, తాడు బిగించడానికి ఇంకో మాట. మనకు రెండూ ‘కట్టడమే’. పొట్టిగా చేయాలన్న తొందరలో రెండు వేరు పనులను ఒకే మాటలో పడేశాను. నిజానికి వద్దన్నది బిగించడాన్ని. గట్టిగా బిగిస్తే రక్తం ఆగిపోయి కాలే చెడిపోవచ్చు, విప్పగానే విషం ఒక్కసారిగా ఒంట్లోకి పోవచ్చు. బద్దను మాత్రం విరిగిన కాలికి కట్టినట్టు, వదులుగా, కదలకుండా ఉండేంత వరకే కట్టాలి. కాబట్టి ‘కట్టొద్దు’ పోయి ‘బిగించొద్దు’ వచ్చింది. దాని కింద చిన్న అక్షరాల్లో ‘తాడుగానీ తువ్వాలగానీ’ అని పెట్టాం. టోర్నికెట్ అన్న మాటే అవసరం పడలేదు. మనవాళ్లు బిగించేది తువ్వాలతోనే కదా.

ఇక ఆ ‘రైట్’ సంగతి. పంపినవాళ్లకు అదంటే ప్రాణం. తెలుగులో కూడా అక్షరాలు కలిస్తే ఒక మాట కావాలన్నారు. రెండు రోజులు కూర్చున్నాను. ధైర్యంలో ‘ధై’, కదలికలో ‘క’ తీసి ఏవేవో అతికించాను. ఏది చూసినా మందు కంపెనీ పేరులా ఉంది. అప్పుడు అనిపించింది, మొదటి అక్షరాలను పట్టుకుని గుర్తుపెట్టుకోవడం ఇంగ్లీషు చదువు అలవాటు. మనకు మాట గుర్తుండేది చెవితో, అదీ చివరి మోతతో. సామెతలు, పొడుపు కథలు, పిల్లల ఆట పాటలు ఎక్కువగా అట్లాగే నిలిచాయి. అందుకని అక్షరాలను వదిలేసి చివరలను కలిపాను:

భయపడొద్దు.
కదలొద్దు.
ఆగొద్దు.
దాచొద్దు.

వరుసగా ఆర్, ఐ, జీహెచ్, టీ, నాలుగూ వచ్చాయి. కవర్ స్లైడ్‌కు ‘పాము కరిచిందా? ఈ నాలుగు మరవొద్దు’ అని పెడితే అదీ ఆ మోతలోనే కలిసింది.

ఇది కూడా ఊళ్లో చూపించాను. రచ్చకట్ట మీద ఒకాయన విని, ‘అన్నీ వద్దంటరేంది సారు, మరి చేసేదేంది?’ అన్నాడు. న్యాయమైన మాట. ఒక మోత కోసం నేను చేయాల్సిన పనులను కూడా వద్దుల్లోకి తిప్పేశాను. ఆగొద్దు సరే, పోవాల్సింది ఎక్కడికి? అందుకే ప్రతి పెద్ద మాట కింద చేసే పని ఒక్క వరుసలో పెట్టాం. ‘ఆగొద్దు’ కింద ‘108కి ఫోన్. నేరుగా దవాఖానకే.’ ఆ చివరి ‘కే’ చూడండి. ఇంగ్లీషువాళ్లు మంత్రం వద్దు, పసరు వద్దు, ఇంకేదీ వద్దు అని చెప్పడానికి ఒక స్లైడ్ పెట్టారు. మనకు ఒక్క ఏకారం సగం పని చేసింది. మిగతా సగానికి ‘మంత్రం దగ్గర ఆగొద్దు’ అని వేరే స్లైడ్ పెట్టక తప్పలేదు, ఎందుకంటే పొద్దు పోయేది అక్కడే.

అక్కడ ‘ఆలస్యం అమృతం విషం’ అన్న సామెత పెట్టాలని నాకు మహా ఉబలాటం. విషం అన్న మాట కూడా కుదిరింది కదా. నర్సమ్మ ఒప్పుకోలేదు, ‘సామెత వింటే నవ్వుతారు, లేచి బయలుదేరరు’ అంది. తీసేశాను. ఇప్పటికీ కొంచెం బాధే.

అంకెల స్లైడ్ ఒకటి ఉండేది. పాము కాట్లలో 70 శాతం విషం లేని పాములవేనని ఆ జాతీయ పద్ధతిలోనే ధైర్యం చెప్పే భాగంలో ఉంది. నేను మొదట ‘70% పాము కాట్లు విషరహిత జాతుల నుండి వస్తాయి’ అని రాశాను. మార్చి ‘పది కాట్లలో ఏడు విషం లేని పాములవే’ అన్నాను. బాగుంది. కానీ ఈ స్లైడ్ ఒక్కటే స్క్రీన్‌షాట్‌గా పోతే? మనది విషం లేనిదేలే అని ఇంట్లో కూర్చుంటారు. కట్లపాము కాటుకు నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. కాబట్టి ఇంగ్లీషులో లేని వరుస ఒకటి అదే స్లైడ్‌లో కలిపాను: ‘అయినా దవాఖానకు పోవాల్సిందే.’ పంపినవాళ్లకు ఎందుకో రాసి, ఒప్పించి కలిపాను. చెప్పకుండా కలపడం మాత్రం తప్పు.

టీ స్లైడ్‌లో డాక్టర్ల మాట ఒకటి ఉంది, రెప్ప వాలడాన్ని వాళ్లు టోసిస్ అంటారు. ‘దాచొద్దు’ కింద ‘రెప్పలు వాలుతున్నాయా? మాట ముద్దగా వస్తోందా? డాక్టరుకు చెప్పండి’ అని పెట్టాం. చెప్పడంలో ‘దాచడం’ ఎక్కడిది అని మీరు అడగొచ్చు. ముందు మంత్రగాడి దగ్గరికి పోయామని, ఏదో పసరు తాగించామని డాక్టరు తిడతాడన్న భయంతో చాలామంది చెప్పరు. ఇంగ్లీషు స్లైడ్‌లో ఆ సంగతి లేదు, మన మాటలోకి దానంతట అది వచ్చింది.

దవాఖానా, ఆసుపత్రా అని కూడా కొట్లాడుకున్నాం. నల్లగొండ, పాలమూరు ఊళ్ల కోసం అయితే దవాఖాన. అదే పోస్టు విజయవాడలోనూ తిరిగేదయితే ఆసుపత్రి అనాలి. ‘పోవాలి’ మనకు మామూలు మాట, అక్కడ కొందరికి మొరటుగా వినిపిస్తుంది.

చివరికి పంపినవాళ్లు మా తెలుగును మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించుకుని చూశారు. ‘రైట్ ఎక్కడ? టోర్నికెట్ ఎక్కడ?’ అని ఎర్రగీతలతో తిరిగి వచ్చింది. అప్పటినుంచి నేను తెలుగుతోపాటు ఒక పట్టిక పంపుతున్నాను. ఒక వరుసలో ఇంగ్లీషు స్లైడ్ చదివినవాడు ఏం చేయాలి, పక్క వరుసలో మా తెలుగు, దాని పక్కన అది చదివిన ఊరి మనిషి ఏం చేస్తానన్నాడు. ఎర్రగీతలు తగ్గాయి, పూర్తిగా పోలేదు.

సరే, మీరు తెచ్చుకున్న స్లైడ్లు తీయండి. మొదటిది కాదు, మధ్యలోది ఏదో ఒకటి తీసి పక్కవాళ్లకు ఇవ్వండి. ముందూ వెనకా చూపించొద్దు. చదివి, ఏం చేయమంటోందో వాళ్లనే చెప్పమనండి.