‘కమ్ అండ్ సీ’: తుపాకీతో బయలుదేరిన కుర్రాడి కథ

నమస్కారం. రెండు గంటలు ఈలలు వేయించి, చివర్లో ‘యుద్ధం వద్దు’ అని ఒక డైలాగు చెప్పించి చేతులు దులుపుకునే సినిమాలు మనం చాలా చూశాం. అలాంటిది కాని యుద్ధ సినిమా ఎలా కనిపెట్టాలి? నేను ఒక్కటే చూస్తాను: కథానాయకుడి చేతికిచ్చిన తుపాకీతో దర్శకుడు ఏం చేయించాడు?

ఎలెమ్ క్లిమోవ్ 1985లో తీసిన సోవియట్ సినిమా ‘కమ్ అండ్ సీ’ తీసుకోండి. 1943, నాజీల ఆక్రమణలో ఉన్న బెలారుస్. ఫ్ల్యోరా అనే కుర్రాడు ఇసుకలో తవ్వి రైఫిల్ బయటికి తీస్తాడు. అది దొరికిందంటే గెరిల్లా దళంలో చోటు దొరికినట్టే. తల్లి కాళ్లావేళ్లా పడ్డా వినడు. తీరా దళంలోకి వెళ్తే, పోరుకు బయలుదేరే పెద్దవాడికి నీ మంచి బూట్లిచ్చి నువ్విక్కడే ఉండు అంటారు. వీరత్వం అక్కడే సగం దిగిపోతుంది.

తర్వాత గ్లాషా అనే అమ్మాయితో ఇంటికి తిరిగి వస్తాడు. ఇంట్లో ఎవరూ లేరు. సూపు ఇంకా వెచ్చగానే ఉంది, నేల మీద బొమ్మలు పడున్నాయి, ఈగల రొద. అందరూ దీవిలో దాక్కుని ఉంటారని పరుగెత్తుతాడు. వెనకాల వస్తున్న గ్లాషా ఒక్కసారి తల తిప్పుతుంది. ఇంటి గోడ పక్కన శవాల గుట్ట! కెమెరా అక్కడ కొన్ని క్షణాలే ఆగుతుంది. వాడు చూడలేదు, మనం చూశాం. ఇక వాడి పరుగును చూడటమే కష్టమవుతుంది.

పగ తీర్చుకునే ఘట్టంలోనూ క్లిమోవ్ మనకు తృప్తి మిగల్చడు. మరో ఊరిని తగలబెట్టిన వాళ్లు పట్టుబడతారు. ఫ్ల్యోరా పెట్రోలు డబ్బా తెస్తాడు. నిప్పంటించేలోపే దళం వాళ్లు తుపాకులతో కాల్చి చంపేస్తారు. చప్పట్లు కొట్టడానికి అక్కడ ఏమీ ఉండదు. మరి ఆ రైఫిల్? వాడు దాన్ని పేల్చేది చివర్లోనే, అదీ బురదలో పడున్న హిట్లర్ ఫొటో మీద. ఒక్కో గుండుకూ చరిత్ర వెనక్కి నడుస్తుంది. తల్లి ఒడిలో ఉన్న పసి హిట్లర్ దాకా వచ్చాక ఫ్ల్యోరా వేలు ఆగిపోతుంది.

లోపమూ ఉంది. సోవియట్ విజయానికి నలభై ఏళ్లయిన సందర్భంలో వచ్చిన సినిమా ఇది. జర్మన్లు చాలా చోట్ల మనుషుల్లా కాక రాక్షసుల్లా కనిపిస్తారు, సోవియట్ పక్షం తప్పులు కనిపించవు. కానీ ఊళ్లు తగలబెట్టడం కల్పన కాదు. 1943 మార్చిలో బెలారుస్‌లోని ఖతిన్ గ్రామస్థులను కొట్టంలోకి తోలి నిజంగానే తగలబెట్టారు.

పిల్లలతో కలిసి చూడకండి. ఆవు చనిపోయే దృశ్యం పెద్దవాళ్లకే కష్టం. చూసేటప్పుడు మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. బాంబు పడ్డాక ఫ్ల్యోరా చెవుల్లో మొదలయ్యే గింగురు ఫోను స్పీకరులో సరిగా వినిపించకపోవచ్చు, అది వినకపోతే తర్వాతి పావుగంటలో వాడు ఎందుకలా ప్రవర్తిస్తున్నాడో సగమే అర్థమవుతుంది.