తెల్లసొన బిగిసేలోపు, పచ్చసొన గట్టిపడేలోపు

శ్రోతలకు నమస్కారం.

హోటల్లో హాఫ్ బాయిల్ అని అడిగితే, పెనం మీద ఒకవైపే కాల్చిన గుడ్డును తెచ్చి పెడతారు. నీళ్లలో ఉడకని ఈ గుడ్డుకు ఆ పేరెలా వచ్చిందో గానీ, దాన్ని సరిగ్గా వేయడంలో ఒక చిక్కు ఉంది. తెల్లసొన సుమారు 62 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకట్టడం మొదలుపెట్టినా, 80 డిగ్రీలకు చేరువైతే తప్ప పూర్తిగా బిగియదు. పచ్చసొన మాత్రం 70 డిగ్రీలకే గట్టిపడిపోతుంది. అందువల్ల మనం గట్టిపడాలనుకున్నదే ఆలస్యంగా గట్టిపడుతుంది.

పెనం బాగా కాగిన తరువాత గుడ్డు కొడితే అంచులు చుర్రుమని మాడి, పచ్చసొన చుట్టూ ఉండే చిక్కని తెల్లసొన మాత్రం జిగటగానే మిగులుతుంది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. దీనికి విరుగుడుగా, మామూలు ఇనుప పెనాన్ని మధ్యస్థమైన మంట మీద వేడిచేసి, రెండు చెంచాల నూనె వేసి, గుడ్డును గిన్నెలో కొట్టుకొని నెమ్మదిగా జార్చాలి. అప్పుడు సన్నగా సుయ్‌మనే శబ్దం రావాలి. చిటపటలాడుతూ నూనె ఎగిరితే మంట ఎక్కువైందని, చప్పుడే లేకపోతే పెనం ఇంకా కాగలేదని అర్థం. వెంటనే మంట తగ్గించి, ఒక నిమిషం గడిచాక పెనం అంచున ఒక చెంచా నీళ్లు చల్లి మూత పెట్టాలి. ఆవిరి పైనుంచి తాకి, కింది సెగ అందని ఆ చిక్కని భాగాన్ని కూడా ఉడికిస్తుంది. మరో నిమిషానికి మూత తీస్తే పచ్చసొన మీద పలచని తెల్లని పొర కనిపిస్తుంది. పెనాన్ని కదిపినప్పుడు పచ్చసొన మాత్రమే వణకాలి. పెనం మందాన్ని, గుడ్డు పరిమాణాన్ని బట్టి ఈ సమయం కొంత మారుతుంది కాబట్టి, గడియారం కంటే ఆ వణుకునే నమ్మడం మంచిది. గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు పెట్టేటప్పుడు మాత్రం జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం ఉన్నందున పచ్చసొనను కూడా పూర్తిగా ఉడకనివ్వాలి.

ఆమ్లెట్ సంగతి వేరు. అక్కడ రెండు సొనలూ కలిసిపోతాయి కనుక, మెత్తదనమంతా తేమను నిలుపుకోవడంలోనే ఉంది. రెండు గుడ్లకు ఒక చెంచా నీళ్లు కలిపి నురగ వచ్చేదాకా గిలకొట్టాలి. వేడికి ఆ నీరు ఆవిరై, నురగలోని గాలి వ్యాకోచించి, అట్టు పొంగుతుంది. ఉల్లిపాయ ముక్కలు ఎక్కువైతే వాటి బరువుకు పొంగు అణిగిపోతుంది కనుక, సన్నగా తరిగినవి గుప్పెడు చాలు. పోసిన తరువాత అంచులను అట్లకాడతో లోపలికి తోస్తూ, పచ్చిగా ఉన్న గుడ్డును ఖాళీలలోకి పారనివ్వాలి. పైభాగం ఇంకా తడిగా మెరుస్తుండగానే మడిచి, మంట ఆపేయాలి; మిగిలిన వేడికే మడత లోపల ఉడికిపోతుంది. పైన ఆరిపోయేదాకా ఆగితే, తేమ పిండుకుపోయి, మడిచినచోట అట్టు చీలుతుంది.